మెర్జ్ అయితే పని అయిపోయినట్టేనా?

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒకే పని రెండు చోట్ల నడుస్తుంటుంది. ఒకటి కోడ్. రెండోది ఆ కోడ్ ఎవరు రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో, ఎంతవరకు వచ్చిందో చూపించే పనుల పట్టిక. దాన్ని బోర్డు అంటారు. అందులోని ఒక్కో పనిని కొందరు టికెట్ అంటారు, కొందరు టాస్క్ అంటారు, గిట్‌హబ్ వాడేవాళ్లు ఇష్యూ అంటారు. టికెట్ 'చేయాల్సినవి' అనే వరుసలో మొదలై, 'జరుగుతున్నవి', 'రివ్యూ', 'టెస్టింగ్' మీదుగా చివరికి 'డన్' చేరాలి.

చిక్కల్లా దాన్ని జరపాల్సింది ఎవరన్నదే. కోడ్ రాసేవాళ్లు రోజంతా కోడ్ దగ్గరే ఉంటారు. పని అయ్యాక బ్రౌజర్ తెరిచి, బోర్డులో తమ టికెట్ వెతికి, ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి లాగాలంటే ఆ క్షణానికి గుర్తుండదు. గుర్తొచ్చేసరికి శుక్రవారం సాయంత్రం అవుతుంది. అప్పుడు వారం మొత్తం టికెట్లూ ఒకేసారి కదులుతాయి. ఈలోగా మంగళవారమే పూర్తయిన పని గురించి బుధవారం, గురువారం పొద్దుటి స్టాండప్ మీటింగుల్లో "అది ఎంతవరకొచ్చింది?" అని అడుగుతూనే ఉంటారు. టెస్టర్ తన వంతు వచ్చిందని తెలియక ఊరికే కూర్చుంటారు. ఇంకొకరు అదే పనిని మళ్లీ మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు.

దీనికి ఉన్న మందు చాలా చిన్నది. కోడ్ మార్పుతో పాటు రాసే సందేశంలో టికెట్ నంబరు రాస్తే చాలు. ఆ మార్పు అసలు కోడ్‌లో కలిసిన క్షణంలో టికెట్ స్థితి దానంతటదే మారుతుంది. చాలా బృందాలు దీన్ని ఒక పూటలో అమర్చుకుంటాయి. అయితే ఏ మాట రాస్తే ఏం జరుగుతుందో, ఏ క్షణంలో జరుగుతుందో సరిగ్గా తెలియకుండా అమర్చుకుంటే బోర్డు కొత్త రకంగా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. పని కాకుండానే అయిందని చూపిస్తుంది. పాత అబద్ధం కన్నా ఇది ప్రమాదం. అయిపోయిందని చూపిస్తున్న టికెట్ వైపు ఎవరూ తిరిగి చూడరు కాబట్టి.

ఈ రంగంలో లేని పాఠకుల కోసం మూడు మాటలు చెప్పుకుని ముందుకు వెళ్దాం. పత్రికాఫీసులో విలేఖరి తన వార్తను తన కాగితం మీద రాసుకుని, సబ్ ఎడిటర్‌కి ఇచ్చి, ఆయన దిద్ది సరే అన్నాక పేజీలో పెట్టిస్తాడు కదా, కోడ్ కూడా అలాగే నడుస్తుంది. డెవలపర్ తన మార్పులు చేసుకునే విడి ప్రతిని బ్రాంచ్ అంటారు. అందులో చేసిన ఒక్కో మార్పును ఒక చిన్న సందేశంతో భద్రం చేయడం కమిట్. "నా మార్పులు చూసి, బాగుంటే అసలు ప్రతిలో కలపండి" అని అడగడం పుల్ రిక్వెస్ట్. ఆఫీసుల్లో పొట్టిగా పీఆర్ అంటారు. చూసినవాళ్లు ఒప్పుకుని కలిపేస్తే అది మెర్జ్. అందరి మార్పులూ చివరికి చేరే ఆ అసలు ప్రతి డిఫాల్ట్ బ్రాంచ్. ఎక్కువ చోట్ల దాని పేరు `main`.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే ఒక వెబ్‌సైట్ ఉందనుకోండి. ఆర్డర్ ఫారంలో ఫోన్ నంబరును ఐదంకెల తర్వాత ఖాళీ వదిలి రాస్తే "నంబరు సరైనది కాదు" అంటోంది. కాంటాక్ట్స్‌లోంచి నంబరు కాపీ చేసి అతికించేవాళ్లందరికీ ఇదే తంటా. ఒక కస్టమర్ ఫిర్యాదు చేశారు. గిట్‌హబ్‌లో అది 142వ నంబరు ఇష్యూగా నమోదైంది. డెవలపర్ దాన్ని తీసుకుని, విడిగా ఒక బ్రాంచ్ తెరిచి, నంబరును సరిచూసే ముందు అందులోని ఖాళీలు తీసేసేలా కోడ్ మార్చింది. ఆమె టైప్ చేసిన ఆదేశాలు ఇవి:

```
git switch -c 142-phone-spaces
git commit -am "Strip spaces before validating phone (#142)"
git push -u origin 142-phone-spaces
```

తర్వాత పీఆర్ పెట్టింది. దాని వివరణలో ఏం మార్చిందో రెండు వాక్యాల్లో రాసి, కింద విడిగా ఒక లైను చేర్చింది:

```
Fixes #142
```

కమిట్ సందేశంలోని `(#142)`కీ, పీఆర్ వివరణలోని `Fixes #142`కీ చాలా తేడా ఉంది. మొదటిది ప్రస్తావన మాత్రమే. గిట్‌హబ్ దాన్ని చూసి 142వ ఇష్యూ పేజీలో "ఫలానా కమిట్‌లో దీని మాట వచ్చింది" అని ఒక లైను చేరుస్తుంది, అంతే. రెండోది ఆదేశం. `close`, `fix`, `resolve` అనే మూడు క్రియలను, వాటి `closes`, `closed`, `fixes`, `fixed`, `resolves`, `resolved` రూపాలను గిట్‌హబ్ గుర్తుపడుతుంది. మొత్తం తొమ్మిది మాటలు. పెద్దక్షరాలైనా, చిన్నక్షరాలైనా, మాట పక్కన కోలన్ పెట్టినా పర్వాలేదు. వీటిలో ఒకటి రాసి, పక్కనే ఇష్యూ నంబరు వేస్తేనే ముడి పడుతుంది.

పీఆర్ సేవ్ చేయగానే ముడి కనిపిస్తుంది. ఇష్యూ పేజీలో కుడివైపు `Development` అనే శీర్షిక కింద ఆ పీఆర్ వచ్చి కూర్చుంటుంది. ఇంకా ఏదీ మూతపడలేదు. రివ్యూ చేసేవాళ్లు చూశారు, ఒక సవరణ అడిగారు, ఆమె చేసింది, ఒప్పుకున్నారు, మెర్జ్ బటన్ నొక్కారు. అప్పుడు గిట్‌హబ్ ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఈ పీఆర్ కలిసింది డిఫాల్ట్ బ్రాంచ్‌లోనేనా? అవునంటే 142వ ఇష్యూను మూసేసి, ఏ పీఆర్ వల్ల మూసిందో అక్కడే రాసి పెడుతుంది. గిట్‌హబ్ వాళ్లదే ప్రాజెక్ట్స్ బోర్డు వాడుతుంటే, మూతపడిన ఇష్యూ కార్డును 'డన్'కి మార్చే ఏర్పాటు అందులో ముందే ఉంటుంది. కార్డు అలా కదులుతుంది. ఆమె బోర్డు తెరవనే లేదు.

బయటికి ఇదంతా ఒకే పనిలా కనిపిస్తుంది కానీ, లోపల మూడు అంచెలున్నాయి. మెర్జ్ వల్ల ఇష్యూ మూతపడుతుంది. ఇష్యూ మూతపడటం వల్ల కార్డు కదులుతుంది. కార్డు కదిలింది కాబట్టి చూసేవాళ్లు పని అయిందనుకుంటారు. ఏ అంచెలోనైనా తేడా రావచ్చు.

మాటలతో వచ్చే తేడాలు ముందు చూద్దాం. ఒకే పీఆర్‌తో రెండు ఇష్యూలు తీరినప్పుడు చాలామంది `Fixes #142, #143` అని రాస్తారు. చదివే మనిషికి రెండూ అర్థమవుతాయి. గిట్‌హబ్‌కి మాత్రం మొదటిదే ఆదేశం, రెండోది ఉత్త ప్రస్తావన. 142 మూతపడుతుంది, 143 అలాగే తెరిచి ఉంటుంది. `Fixes #142, fixes #143` అని మాటను ప్రతి నంబరు ముందూ రాయాలి. గిట్‌ల్యాబ్‌లో అలా కాదు, ఒక మాట వెనక నంబర్లు వరసగా రాసినా అన్నిటినీ తీసుకుంటుంది. ఒక చోట అలవాటైన చేయి ఇంకో చోట ఇలాగే జారుతుంది.

దీనికన్నా చిత్రమైనది ఇంకొకటుంది. పీఆర్ వివరణలో ఎవరైనా నిజాయతీగా `This does not fix #142` అని రాశారనుకోండి. అంటే "ఇది 142ను బాగు చేయదు" అని. గిట్‌హబ్ వాక్యాన్ని అర్థం చేసుకోదు, అక్షరాల వరసను మాత్రమే వెతుకుతుంది. ఆ వాక్యంలో `fix #142` ఉంది. మెర్జ్ కాగానే ఇష్యూ మూతపడుతుంది. తీరని పని గురించి రాయాల్సి వస్తే ఆ తొమ్మిది మాటల జోలికి పోకుండా, `Related to #142` లాంటిది రాయడమే క్షేమం.

పని ముక్కలుగా జరిగినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఫోన్ నంబరు సమస్య ఆర్డర్ ఫారంలోనే కాదు, లాగిన్ పేజీలోనూ, అడ్రస్ మార్చే పేజీలోనూ ఉందని తేలితే మూడు పీఆర్‌లు కావాలి. మూడింటిలోనూ `Fixes #142` రాస్తే మొదటి పీఆర్ కలవగానే టికెట్ 'డన్'కి పోతుంది, మిగతా రెండు పేజీల్లో సమస్య అలాగే ఉంటుంది. గో ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసే ప్రాజెక్టులో దీనికి చక్కని ఆనవాయితీ ఉంది. మార్పుతో సమస్య పూర్తిగా తీరితేనే `Fixes` అని రాయాలి. ఒక అడుగు మాత్రమే అయితే `For` లేదా `Updates` అని రాసి నంబరు వేయాలి. గిట్‌హబ్ ఈ రెండు మాటలనూ ఆదేశంగా తీసుకోదు కాబట్టి టికెట్ తెరిచే ఉంటుంది, దాని పేజీలో మాత్రం జరిగిన ప్రతి అడుగూ నమోదవుతుంది. మూడింటిలో చివరి పీఆర్‌లోనే `Fixes` వస్తుంది. ఎవరు చివరన్నది ముందే చెప్పలేనప్పుడు టికెట్‌నే మూడుగా విడగొట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక బ్రాంచ్‌తో వచ్చే తేడా. చాలా బృందాలు రోజువారీ మార్పులను నేరుగా `main`లో కలపవు. `develop` అనే ఇంకో బ్రాంచ్‌లో పోగుచేసి, రెండు వారాలకోసారి విడుదల రోజున మొత్తాన్ని `main`లోకి తెస్తాయి. ఆ బృందంలో చేరిన కొత్త డెవలపర్ పీఆర్ వివరణలో `Fixes #142` అని బుద్ధిగా రాసి, `develop`లోకి మెర్జ్ చేయిస్తాడు. ఏమీ జరగదు. డిఫాల్ట్ బ్రాంచ్ కాని చోటికి వెళ్లే పీఆర్ వివరణలోని మాటలను గిట్‌హబ్ అసలు పట్టించుకోదు. ఇష్యూ పేజీలో ముడి కూడా కనిపించదు. పీఆర్ పెట్టగానే `Development` శీర్షిక ఖాళీగా ఉంటే కారణం దాదాపుగా ఇదే.

కానీ అదే మాటను కమిట్ సందేశంలో రాస్తే కథ వేరు. కమిట్ సందేశం కోడ్‌తో పాటే ప్రయాణం చేస్తుంది. విడుదల రోజున `develop` మొత్తం `main`లో కలిసినప్పుడు ఆ కమిట్ కూడా డిఫాల్ట్ బ్రాంచ్‌కి చేరుతుంది, అప్పుడు ఇష్యూ మూతపడుతుంది. అంటే రెండు వారాల పాటు తెరిచి ఉన్న టికెట్లు విడుదల రోజున ఒక్కసారిగా మూతపడతాయి. ఇది లోపమని కొందరు విసుక్కుంటారు. నాకు మాత్రం ఇదే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. కస్టమర్‌కి ఫారం పనిచేసేది ఆ రోజునే కదా.

కమిట్‌లో రాయడంలోనూ ఒక మెలిక ఉంది. చాలా చోట్ల పీఆర్‌లోని ఐదారు కమిట్లను స్క్వాష్ చేసి ఒక్కటిగా కలుపుతారు. కలిపే మనిషి కొత్త సందేశంలో శీర్షిక ఒక్కటే ఉంచి మిగతాది చెరిపేస్తే, పాత కమిట్లలో రాసిన `Fixes` మాట కూడా దాంతోపాటే పోతుంది. అందుకే `main`లోకి నేరుగా మెర్జ్ చేసే బృందాలు ఆదేశాన్ని పీఆర్ వివరణలో రాయాలి, టికెట్ నంబరును మాత్రం కమిట్ శీర్షికలోనూ ఉంచుకోవాలి. మొదటిది ఈ రోజు టికెట్‌ను కదుపుతుంది. రెండోది కోడ్ ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. రేపు కంపెనీ గిట్‌హబ్ వదిలి ఇంకో చోటికి మారినా కమిట్ సందేశాలు వెంట వస్తాయి.

మన దగ్గర, ముఖ్యంగా పెద్ద కంపెనీలకు పనిచేసే హైదరాబాద్ ఆఫీసుల్లో, కోడ్ ఒక చోటా బోర్డు ఇంకో చోటా ఉండడం మామూలు. కోడ్ గిట్‌హబ్‌లోనో బిట్‌బకెట్‌లోనో ఉంటుంది, టికెట్లు అట్లాసియన్ వాళ్ల జిరాలో ఉంటాయి. రెండూ వేర్వేరు కాబట్టి ముందు వాటిని కలిపే యాప్‌ను అడ్మిన్ అమర్చాలి. ఆ తర్వాత ముడి పడేది టికెట్ పేరుతోనే. జిరాలో ప్రతి టికెట్‌కీ `SHOP-142` లాంటి పేరుంటుంది. ముందు ప్రాజెక్టు పొట్టి పేరు పెద్దక్షరాల్లో, తర్వాత అడ్డగీత, తర్వాత అంకె. ఈ పేరును బ్రాంచ్ పేరులోనో, కమిట్ సందేశంలోనో, పీఆర్ శీర్షికలోనో ఉన్నది ఉన్నట్టుగా పెద్దక్షరాల్లో రాస్తే పేరు రాసిన ఆ బ్రాంచో, కమిట్టో, పీఆరో టికెట్ పేజీలో కనిపిస్తుంది. `shop142` అని రాస్తే మనిషికి అర్థమవుతుంది గానీ జిరాకి కాదు.

జిరాలో టికెట్‌ను కదపడానికి రెండు దారులున్నాయి, వాటిని కలగాపులగం చేసుకోవడం వల్లే ఎక్కువ గొడవ. మొదటిది స్మార్ట్ కమిట్. కమిట్ సందేశంలోనే ఇలా రాస్తారు:

```
SHOP-142 #resolve #time 1h 30m #comment Spaces removed
```

దీంతో టికెట్ 'పరిష్కారమైంది' స్థితికి మారుతుంది, గంటన్నర పని నమోదవుతుంది, వ్యాఖ్య చేరుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ జిరా ఈ ఆదేశాన్ని పాటించేది మెర్జ్ అయినప్పుడు కాదు, ఆ కమిట్ తన కంటపడినప్పుడు. డెవలపర్ తన విడి బ్రాంచ్‌ను పైకి పంపగానే, ఇంకా ఎవరూ రివ్యూ చేయకముందే, టికెట్ పరిష్కారమైపోతుంది. అందుకని స్మార్ట్ కమిట్‌తో గంటలూ వ్యాఖ్యలూ నమోదు చేసుకుంటే చాలు, స్థితి మార్చడానికి వాడకపోవడమే మంచిది.

రెండో దారి జిరా ఆటొమేషన్ నియమం. "పీఆర్ మెర్జ్ అయినప్పుడు ఈ టికెట్‌ను ఫలానా స్థితికి మార్చు" అని ఒకసారి రాసిపెడితే, టికెట్ పేరు సరిగ్గా ఉన్న ప్రతి పీఆర్‌కీ అది వర్తిస్తుంది. ఇందాకటి మూడు పీఆర్‌ల చిక్కుకు కూడా ఇక్కడ విరుగుడు ఉంది. నియమంలో ఈ షరతు చేరిస్తే సరిపోతుంది:

```
development[pullrequests].open = 0
```

ఆ టికెట్‌కి సంబంధించిన పీఆర్ ఒక్కటి కూడా తెరిచి లేనప్పుడే స్థితి మారుతుందని దీని అర్థం. ఇంకా పెట్టని పీఆర్ సంగతి మాత్రం దీనికి తెలియదు. మూడో పేజీ పని ఎవరూ మొదలుపెట్టకముందే మొదటి రెండూ కలిసిపోతే టికెట్ కదిలిపోతుంది.

స్మార్ట్ కమిట్ పనిచేయడం లేదని అడిగేవాళ్లను ముందు ఒక మాట అడగాలి: కమిట్‌లో ఉన్న ఈమెయిల్ ఏది? కమిట్ చేసిన ఈమెయిల్ జిరాలోని ఒకే ఒక్క వాడుకరి ఈమెయిల్‌తో సరిపోలాలి, లేకపోతే ఆదేశం చెల్లదు. ఇంటి ల్యాప్‌టాప్‌లో సొంత జీమెయిల్ పెట్టుకుని, ఆఫీసు జిరాలో కంపెనీ ఈమెయిల్‌తో ఉన్నవాళ్లు ఎందరో. గిట్‌హబ్‌లో ఈమెయిల్ దాచుకుని, వెబ్ పేజీలోనే కోడ్ మార్చేవాళ్ల కమిట్లకు `users.noreply.github.com` అనే చిరునామా పడుతుంది, అదీ సరిపోలదు. ఆ కోడ్ ఉన్న ఫోల్డర్‌లో `git config user.email` అని టైప్ చేస్తే ఇకపై చేసే కమిట్లకు ఏ చిరునామా పడుతుందో తెలుస్తుంది. అది సరిగ్గానే ఉంటే, టికెట్ ఇప్పుడున్న స్థితి నుంచి కోరిన స్థితికి దారి ఉందో లేదో చూడాలి. 'చేయాల్సినవి' నుంచి నేరుగా 'డన్'కి వెళ్లకూడదని బృందం వర్క్‌ఫ్లోలో కట్టడి పెట్టుకుంటే కమిట్ సందేశం ఆ కట్టడిని దాటలేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ముడి సరిగ్గా పడకపోవడం వల్ల వచ్చేవి. ముడి సరిగ్గా పడినా వచ్చే ఇబ్బంది ఒకటుంది. అసలు సంగతి అదే. టెస్టింగ్ చేసే అమ్మాయికీ కోడ్ రాసిన అబ్బాయికీ మధ్య ఇలాంటి మాటలు ఏ ఆఫీసులోనైనా వినిపిస్తాయి.

"అన్నా, వన్ ఫార్టీ టూ డన్‌లో ఉంది. నా దగ్గర ఇంకా అదే ఎర్రర్ వస్తోంది."

"మెర్జ్ అయిపోయిందమ్మా. స్టేజింగ్‌లో ఇంకా డిప్లాయ్ కాలేదు, సాయంత్రం బిల్డ్‌లో వస్తుంది."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కోడ్ `main`లో కలిసింది, అందులో సందేహం లేదు. కానీ పరీక్షలు చేసే సర్వర్‌కి అది ఇంకా చేరలేదు. అక్కడ చేరి, పరీక్షలో నెగ్గి, కస్టమర్లు వాడే సర్వర్‌కి చేరితేనే ఫారం బాగుపడినట్టు. మొబైల్ యాప్ అయితే ఇంకా దూరం. స్టోర్ వాళ్లు పరిశీలించి వదలాలి, ఆ తర్వాత మనుషులు తమ ఫోన్లలో అప్‌డేట్ చేసుకోవాలి. మెర్జ్ రుజువు చేసేది ఒక్కటే: మార్పు రివ్యూ దాటి అసలు కోడ్‌లో చేరింది. అంతకు మించి ఒక్క మాట కూడా అది చెప్పదు. టికెట్‌ను మెర్జ్‌తో కదిపితే, ఆ ఒక్క మాట చెప్పే వరుసలోకే కదపాలి.

దీన్ని డెబియన్ వాళ్లు పట్టుకున్నంత చక్కగా ఇంకెవరూ పట్టుకోలేదని నేను గట్టిగా నమ్ముతాను. డెబియన్ 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్స్ పంపిణీ. స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. దానిలోని ఒక్కో సాఫ్ట్‌వేర్‌నూ ఒక ప్యాకేజీగా కట్టి, ఏం మారిందో ఆ ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో రాస్తారు. బగ్ తీరితే అక్కడే `Closes:` అని, పక్కన బగ్ నంబరు రాస్తారు. చూడటానికి గిట్‌హబ్ పద్ధతిలాగే ఉంది. కానీ బగ్ మూతపడేది కోడ్ కలిసినప్పుడు కాదు. కొత్త ప్యాకేజీ డెబియన్ ఆర్కైవ్‌లోకి చేరి, అక్కడ అంగీకారం పొందినప్పుడు. అంటే జనం డౌన్‌లోడ్ చేసుకునే చోటికి చేరిన తర్వాత. అప్పుడు ఫిర్యాదు చేసిన మనిషికి ఈమెయిల్ వెళ్తుంది, ఏ వెర్షన్‌లో బాగైందో కూడా నమోదవుతుంది.

మరి కోడ్ కలిసి, ప్యాకేజీ ఇంకా రాని మధ్య రోజుల్లో? దానికి వాళ్ల దగ్గర `pending` అనే ట్యాగ్ ఉంది. పరిష్కారం దొరికింది, త్వరలో అప్‌లోడ్ అవుతుందని దాని అర్థం. వాళ్ల గిట్‌ల్యాబ్ సర్వర్ పేరు సల్సా. అందులో ఒక ఏర్పాటు పెట్టుకుంటే, `Closes:` ఉన్న కమిట్ చేరగానే బగ్‌కి `pending` ట్యాగ్ దానంతటదే పడుతుంది. అంటే ఒకే మాట రెండు క్షణాల్లో రెండు పనులు చేస్తుంది. కోడ్ చేరినప్పుడు 'రాబోతోంది' అంటుంది, ప్యాకేజీ చేరినప్పుడు 'వచ్చింది' అంటుంది. పైగా వెర్షన్ నమోదై ఉంటుంది కాబట్టి, కొత్త వెర్షన్‌లో మూతపడిన బగ్ పాత స్థిరమైన వెర్షన్‌లో ఇంకా ఉందని కూడా ఆ పేజీలోనే తెలుస్తుంది.

మామూలు ఆఫీసు బృందం దీన్ని తెచ్చుకోవడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. జిరా నియమంలో మెర్జ్ అయిన టికెట్ వెళ్లే చోటును 'డన్' నుంచి 'టెస్టింగ్‌కి సిద్ధం' అనే వరుసకు మార్చాలి. డిప్లాయ్ చేసే స్క్రిప్టే స్టేజింగ్‌కి పంపిన తర్వాత టికెట్‌ను ముందుకు జరిపితే ఇంకా మంచిది. గిట్‌హబ్‌లో అయితే రిపోజిటరీ సెట్టింగ్స్‌లో, మెర్జ్ అయిన పీఆర్‌తో ముడిపడ్డ ఇష్యూలను దానంతటదే మూసే ఎంపిక ఉంటుంది, దాన్ని తీసేయవచ్చు. అప్పుడు `Fixes #142` రాసినా ముడి మాత్రమే ఉంటుంది, ఇష్యూ తెరిచే ఉంటుంది. సరిచూసిన టెస్టర్ దాన్ని మూస్తారు. రోజుకు పదిసార్లు డిప్లాయ్ చేసే చిన్న బృందానికి ఇదంతా అనవసరం. మెర్జ్ అయిన పది నిమిషాలకే కోడ్ కస్టమర్ దగ్గరుంటే, మెర్జ్‌తో టికెట్ మూసినా తప్పులేదు.

వెనక్కి తీసుకున్న మార్పుల విషయంలో మాత్రం ఏ బృందమైనా జాగ్రత్తగా ఉండాలి. 142వ ఇష్యూ మార్పు వల్ల విదేశీ నంబర్లన్నీ ఆగిపోయాయనుకోండి. కంగారుగా `Revert` బటన్ నొక్కి దాన్ని వెనక్కి తీసుకుంటారు. కోడ్ పాత స్థితికి వెళ్తుంది, టికెట్ వెళ్లదు. అది మూసే ఉంటుంది. సమస్య తిరిగొచ్చిందని ఫిర్యాదు చేసిన కస్టమర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. దాన్ని చేత్తోనే మళ్లీ తెరవాలి. తెరిచే క్రమం కూడా చూసుకోవాలి. మొదటి కమిట్ శీర్షిక `Fix #142: strip spaces` అయితే, వెనక్కి తీసుకునే కమిట్ సందేశం `Revert "Fix #142: strip spaces"` అని వస్తుంది. అందులోనూ `Fix #142` ఉంది. అందుకని ముందు రివర్ట్ మెర్జ్ చేసి, ఆ తర్వాత ఇష్యూ తెరవాలి. తారుమారైతే తెరిచిన ఇష్యూ రివర్ట్‌తో పాటే మళ్లీ మూతపడే ప్రమాదం ఉంది. శీర్షికలో ఆదేశం రాయకుండా ఉత్త నంబరే ఉంచమని ఇందాక చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ముడులు సరిగ్గా పడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి గిట్‌హబ్ వెతుకు పెట్టెలో రెండు వరసలు టైప్ చేస్తే చాలు. వారానికోసారి చూడటం మంచిది:

```
is:pr is:merged -linked:issue
is:issue is:open linked:pr
```

మొదటిది, ఏ ఇష్యూతోనూ ముడిలేకుండా కలిసిపోయిన పీఆర్‌లను చూపిస్తుంది. వాటిలో అక్షరదోషాలు దిద్దినవి, లైబ్రరీ వెర్షన్లు పెంచినవి ఎలాగూ ఉంటాయి. వాటికి టికెట్ అక్కర్లేదు, బలవంతంగా పుట్టించనూ కూడదు. అవి పోగా మిగిలినవి ఎవరికీ చెప్పకుండా జరిగిన పనులు, లేదా నంబరు మర్చిపోయిన పనులు. రెండో వరస, పీఆర్‌తో ముడిపడి ఇంకా తెరిచి ఉన్న ఇష్యూలను చూపిస్తుంది. ఆ పీఆర్‌లు ఇంకా రివ్యూలో ఉంటే సరే. పీఆర్ ఎప్పుడో మెర్జ్ అయి, ఇష్యూ మాత్రం తెరిచి ఉంటే, ఎవరో దాన్ని కావాలని తిరిగి తెరిచారేమో చూడాలి. ఆటొమేటిక్‌గా మూసే ఎంపికను తీసేసిన బృందానికైతే ఈ రెండో జాబితాయే టెస్టర్ ఆ రోజు చూడాల్సిన పని. `develop` దారిలో వెళ్లే బృందానికి ఈ రెండూ అంతగా ఉపయోగపడవు, వాళ్ల పీఆర్‌లకు ముడే కనిపించదు కాబట్టి. వాళ్లు విడుదల రోజున మూతపడిన ఇష్యూల జాబితాను కమిట్ సందేశాల్లోని నంబర్లతో పోల్చుకోవాలి.

స్థితి మారడం ఈ ముడి వల్ల ఈ వారం కలిగే లాభం. రెండేళ్ల తర్వాతి లాభం వేరే ఉంది. అప్పటికి ఆ డెవలపర్ ఇంకో కంపెనీకి వెళ్లిపోయి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఫోన్ నంబరులోంచి ఖాళీలు తీసేసే లైను కనిపించి, ఇది అనవసరం కదా, తీసేద్దామా అనిపిస్తుంది. `git blame` ఆదేశం ఇస్తే ఆ లైను ఏ కమిట్‌లో వచ్చిందో తెలుస్తుంది. కమిట్ శీర్షికలో `(#142)` ఉంటుంది. దాన్ని తెరిస్తే కాంటాక్ట్స్‌లోంచి నంబరు అతికించి ఆర్డర్ చేయలేకపోయిన కస్టమర్ ఫిర్యాదు, దాని కింద రివ్యూలో జరిగిన చర్చ, విదేశీ నంబర్ల గొడవ, రివర్ట్, రెండోసారి చేసిన సరైన మార్పు అన్నీ వరసగా ఉంటాయి. ఆ లైనును ఎందుకు తీయకూడదో అతనికి ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.